పద్ధతి సరే, గుణకారం తప్పింది: లెక్కల మిస్‌కి ఒక మర్యాదైన చీటీ

లెక్కల పేపరు ఇంటికొస్తే మనం ముందు చూసేది పైన ఎర్ర ఇంకుతో వేసిన మార్కులే. లోపల పేజీలు తిప్పేవాళ్ళు తక్కువ. పీణ్యలో మన ఇళ్ళల్లో దానికి కారణం కూడా ఉంది. ఒకరు ఫస్ట్ షిఫ్టు, ఒకరు జనరల్ షిఫ్టు. పేపరు మీద సంతకం పెట్టించుకునేది రాత్రి అన్నం వేళకే. పైగా పేపరు ఉండేది కన్నడంలోనో ఇంగ్లీషులోనో, మనం చదువుకున్నది అనంతపురం వైపో కర్నూలు వైపో తెలుగులో. "ఎందుకురా తక్కువొచ్చింది?" అని ఒక మాట అని సంతకం పెట్టేస్తాం.

కానీ లెక్కల పేపరుకి ఒక సౌకర్యం ఉంది. అంకెలకి భాష లేదు. బిడ్డ పక్కన కూర్చుంటే తప్పు ఎక్కడ జరిగిందో మనమే పట్టుకోవచ్చు. అది పద్ధతి తప్పా, కూడికలోనో గుణకారంలోనో జరిగిన చిన్న పొరపాటా అనేది తెలిస్తే ఏం చెయ్యాలో కూడా తెలుస్తుంది. పద్ధతి తప్పయితే మళ్ళీ నేర్చుకోవాలి. పద్ధతి మొత్తం సరిగ్గా ఉండి ఒక్క అంకె తప్పి, జవాబు తప్పని మార్కులన్నీ పోయి ఉంటే, టీచరుకి మర్యాదగా ఒక చీటీ రాసి "ఇంకోసారి చూడండి" అని అడగొచ్చు. ఆ చీటీ ఎలా రాయాలో ఒక లెక్క పెట్టుకుని చూద్దాం.

లెక్క ఇదీ

పదో తరగతి పుస్తకంలో సాంఖ్యకశాస్త్రం పాఠం ఉంటుంది. కన్నడ మీడియం పిల్లలు సంఖ్యాశాస్త్ర అంటారు, ఇంగ్లీషు మీడియం పిల్లలు స్టాటిస్టిక్స్ అంటారు. అందులో సరాసరి కట్టే లెక్క పరీక్షల్లో తరచుగా వస్తుంది. మనకి అర్థమయ్యేలా ఓవర్‌టైమ్ మీదే ఒకటి తీసుకుందాం. ఒక మిల్లులో 30 మంది ఒక నెలలో చేసిన ఓటీ గంటలు ఇచ్చారు. సరాసరి ఎంత? మార్కులు 3.

| గంటలు | మంది (f) | మధ్య విలువ (x) | f × x |
|---|---|---|---|
| 0–10 | 5 | 5 | 25 |
| 10–20 | 7 | 15 | 105 |
| 20–30 | 8 | 25 | 200 |
| 30–40 | 6 | 35 | 210 |
| 40–50 | 4 | 45 | 180 |
| మొత్తం | 30 | | 720 |

పద్ధతి ఏమిటంటే, 10 నుంచి 20 గంటల లోపు చేసినవాళ్ళు 7 మంది ఉన్నారంటే వాళ్ళలో ఎవరు కచ్చితంగా ఎన్ని గంటలు చేశారో మనకి తెలీదు. కాబట్టి అందరూ మధ్యలో ఉన్న 15 గంటలు చేశారనుకుంటాం. 7 మందికి 15 చొప్పున 105. ఇలా అన్ని వరుసలకీ కట్టి, మొత్తం 720ని 30 మందితో భాగిస్తే 24 గంటలు. సరాసరి 24.

ఇప్పుడు ఒక అమ్మాయి ఇదే లెక్క చేసిందనుకుందాం. మధ్య విలువలు అయిదూ సరిగ్గా రాసింది. సూత్రం సరిగ్గా రాసింది. కానీ రెండో వరుసలో 15 × 7 దగ్గర 105 బదులు 75 వేసింది. 15 × 5 ఎంతో అదే రాసేసింది. తర్వాత తన అంకెలు తాను సరిగ్గానే కూడింది: 25 + 75 + 200 + 210 + 180 = 690. భాగిస్తే 23. శేషం లేకుండా తెగింది. అందుకే అనుమానం రాలేదు. 23 అని రాసి కింద రెండు గీతలు గీసింది.

పేపరు తిరిగొచ్చింది. 23 మీద ఇంటు గుర్తు, పక్కన ½. సూత్రానికి మాత్రం అర మార్కు ఇచ్చారన్న మాట.

పద్ధతి తప్పా, చేతి తప్పా?

చీటీ రాసే ముందు ఇంట్లో చెయ్యాల్సిన పని ఒకటి ఉంది. వేరే తెల్ల కాగితం తీసుకుని, తప్పిన ఆ ఒక్క అంకెని మార్చి, మిగతాదంతా బిడ్డ రాసినట్టే కిందికి దింపాలి. 75 తీసి 105 పెట్టండి. మొత్తం 720 అవుతుంది, జవాబు 24 వస్తుంది. ఇంకే అంకే, ఇంకే గుర్తూ ముట్టుకోనక్కర్లేదు. ఒక్క చోట దిద్దితే సరైన జవాబు దానంతట అదే వస్తే, అది చేతి తప్పు.

అలా రాకపోతే జాగ్రత్తగా చూడాలి. ఇదే లెక్కలో పిల్లలు చేసే అసలు తప్పులు రెండున్నాయి. ఒకటి, మధ్య విలువ తీసుకోకుండా పై అంకె తీసుకోవడం: 10, 20, 30, 40, 50. అలా కడితే మొత్తం 870 వచ్చి సరాసరి 29 అవుతుంది. ఇక్కడ గుణకారాలన్నీ సరిగ్గానే ఉంటాయి, కానీ పద్ధతే తప్పు. రెండోది, 30 మందితో భాగించాల్సింది పోయి అయిదు వరుసలున్నాయని 5తో భాగించడం. అప్పుడు 144 వస్తుంది. ఎవరూ 50 గంటలు దాటి చెయ్యనప్పుడు సరాసరి 144 ఎలా వస్తుంది? ఇలాంటి తప్పులకి చీటీ రాయకూడదు. కూర్చుని ఆ పాఠం మళ్ళీ చదవాలి.

ఈ తేడా తెలియకపోతే నష్టం మార్కులతో ఆగదు. గుణకారం తప్పిన పిల్లకి "నీకు స్టాటిస్టిక్స్ రాదు" అని మనమే చెప్పేస్తాం. ఆ పాఠానికని ట్యూషన్‌కి డబ్బు కడతాం. వచ్చిన పాఠమే మళ్ళీ చెప్పించుకుని, తప్పిన ఎక్కం అలాగే వదిలేస్తాం. కొన్నాళ్ళకి ఆ పిల్ల కూడా తనకి లెక్కలు రావనే నమ్ముతుంది.

అడగడానికి ఆధారం ఏమిటి?

లెక్కల్లో మార్కులు జవాబు ఒక్కదానికే ఉండవు, మెట్లకి ఉంటాయి. ఇలాంటి 3 మార్కుల లెక్కని ఇలా విడగొట్టవచ్చు: మధ్య విలువల వరుసకి ½, గుణకారాల వరుసకీ మొత్తాలకీ కలిపి 1, సూత్రానికి ½, అంకెలు సూత్రంలో పెట్టినందుకు ½, జవాబుకి ½. స్కూలుని బట్టి విడగొట్టడం కొద్దిగా మారవచ్చు, కానీ మెట్లకి మార్కులు ఉండడం మామూలే. కర్ణాటక పాఠశాల పరీక్ష, మౌల్యనిర్ణయ మండలి విడుదల చేసే మాదిరి జవాబుల్లో కూడా ఏ మెట్టుకి ఎంతో పక్కన వేసి ఉంటుంది.

రెండో ఆధారం ఇంకా ముఖ్యం. ఒక తప్పుకి ఒక్కసారే మార్కు పోవాలి. సీబీఎస్‌ఈ బోర్డు పేపర్లు దిద్దేవాళ్ళకిచ్చే సూచనల్లో ఈ మాట సూటిగానే ఉంటుంది: ఒక తప్పు ప్రభావం కింది మెట్లకి పాకితే దానికి మళ్ళీ మళ్ళీ తగ్గించకూడదు, ఒక్కసారే తగ్గించాలి. ఇంగ్లండులో బోర్డులు కూడా పద్ధతికి వేరే మార్కు, కచ్చితత్వానికి వేరే మార్కు పెడతాయి. పై మెట్టులో వచ్చిన తప్పు అంకెతో కింది మెట్టు సరిగ్గా చేస్తే, చాలా చోట్ల ఆ కింది మెట్టు మార్కు ఇస్తాయి.

మన లెక్కకి ఇది పెట్టి చూడండి. మధ్య విలువలు సరి: ½. అయిదు గుణకారాల్లో ఒకటి తప్పు: 1లో ½ పోయింది, ½ మిగిలింది. సూత్రం ½. తన మొత్తాలతో సూత్రంలో సరిగ్గా పెట్టింది: ½. 690ని 30తో భాగిస్తే 23 నిజమే కాబట్టి, తప్పుకి ఒక్కసారే తగ్గించే పద్ధతిలో జవాబుకి ½. కలిపితే 2½. జవాబు తప్పంటే తప్పే అనే టీచరయినా 2 ఇవ్వొచ్చు. వచ్చింది మాత్రం ½.

జీతం చీటీ గుర్తు తెచ్చుకోండి. ఓటీ గంటలు సరిగ్గానే రాశారు, రేటు సరిగ్గానే ఉంది, గుణకారం తప్పి మొత్తం తక్కువొచ్చింది. అప్పుడు మనం ఆఫీసులో క్లర్కు దగ్గరికెళ్ళి "మీరు నా డబ్బు తినేశారు" అంటామా? చీటీ చూపించి "సార్, ఈ లైను ఒకసారి చూడండి" అంటాం. ఇదీ అంతే.

చీటీ ఎవరు రాయాలి, ఎప్పుడు?

రాయాల్సింది బిడ్డ. కింద అమ్మో నాన్నో సంతకం పెడితే చాలు. మనం స్వయంగా వెళ్ళాలంటే సగం రోజు కూలి పోతుంది. పైగా టీచరుకి క్లాసు ఉంటుంది, మాట్లాడేది అయిదు నిమిషాలు, అదీ నలుగురి మధ్య. చీటీ అయితే మిస్ తీరిగ్గా పేపరు పక్కన పెట్టుకుని చూసుకోవచ్చు. నలభై, యాభై పేపర్లు వరసగా దిద్దేటప్పుడు జవాబు చూసి ముందుకు పోవడం ఎవరికైనా జరిగేదే. ఆ ఒక్క పేజీ చూడమని అడగడంలో తప్పేం లేదు.

పేపరు ఇచ్చిన రెండు మూడు రోజుల్లోనే రాయాలి. మార్కులు రిజిస్టరులోకి ఎక్కిన తర్వాత మార్చడం టీచరుకీ కష్టమే, హెడ్మాస్టర్ దగ్గర సంతకాలు కావాల్సి రావచ్చు. పదో తరగతి పిల్లలకి ఇది ఇంకా ముఖ్యం. వాళ్ళ లెక్కల్లో 80 మార్కులు బోర్డు పరీక్షవైతే, మిగతా 20 స్కూల్లో జరిగే మదింపువి.

ఇంకో మాట. దిద్దిన పేపరు మీద ఏమీ రాయకూడదు. పెన్సిలుతో కూడా వద్దు. 75 పక్కన 105 అని రాసి పంపితే, అది ఎప్పుడు రాశారన్న అనుమానం మనమే తెచ్చి పెట్టినట్టవుతుంది. దిద్దుబాటు అంతా చీటీలోనే ఉండాలి.

చీటీ నమూనా

స్కూల్లో ఏ భాష నడిస్తే ఆ భాషలో రాయాలి. కన్నడంలో అయితే పైన "ఇంద" అని తన పేరు, తరగతి. తర్వాత "ఇవరిగె" అని టీచరు, స్కూలు. ఆ కింద "మాన్యరే", "విషయ". చివర "ఇంతి తమ్మ విధేయ విద్యార్థిని" అని వస్తాయి. ఇంగ్లీషులో కూడా వరుస అదే. లోపల ఉండాల్సిన విషయం ఇది:

*నుంచి: (పేరు), 10వ తరగతి, సెక్షను, రోల్ నంబరు*

*గౌరవనీయులైన లెక్కల మిస్ గారికి,*

*విషయం: యూనిట్ టెస్టు 14వ ప్రశ్న ఇంకోసారి చూడమని మనవి.*

*నమస్కారం మిస్. సోమవారం మీరిచ్చిన పేపరులో 14వ ప్రశ్నకి (సరాసరి, 3 మార్కులు) నాకు ½ వచ్చింది. ఇంట్లో మళ్ళీ చేసి చూశాను. రెండో వరుసలో 15 × 7 = 105 రాయాల్సిన చోట నేను 75 రాశాను. అందువల్ల మొత్తం 720 బదులు 690, సరాసరి 24 బదులు 23 వచ్చాయి. ఆ తప్పు నాదే.*

*మధ్య విలువలు, మిగతా నాలుగు గుణకారాలు, సూత్రం సరిగ్గా ఉన్నాయని అనుకుంటున్నాను. 690 ÷ 30 = 23 కూడా సరిగ్గానే చేశాను. వీలున్నప్పుడు ఈ ప్రశ్నలో మెట్ల మార్కులు ఒకసారి చూడమని మనవి చేస్తున్నాను. నా పద్ధతిలో ఇంకేమైనా తప్పుంటే చెప్పండి మిస్, దిద్దుకుంటాను. పేపరు జత చేశాను. దాని మీద నేనేమీ రాయలేదు.*

*మీ విధేయురాలు,*
*(పేరు)*
*తల్లి/తండ్రి సంతకం, తేదీ*

ఇందులో ఏముందో గమనించండి. ఏ ప్రశ్న, ఎంత వచ్చింది, తప్పు ఎక్కడ, ఆ తప్పు ఎంత దూరం పాకింది, మిగతాది ఎందుకు సరే అనుకుంటున్నాం. ఇన్ని మార్కులు వెయ్యండి అని ఎక్కడా లేదు. 2½ రావాలని మనం లెక్క కట్టుకున్నా చీటీలో రాయకూడదు. చూడమని అడగడం మన పని, ఎంత వెయ్యాలన్నది మిస్ పని. తప్పు నాదేనని ముందే ఒప్పుకోవడం వల్ల మిస్ దాన్ని వెతుక్కునే పని కూడా తప్పుతుంది.

రాయకూడనివి కూడా ఉన్నాయి. "పక్క బెంచీ అమ్మాయికి ఇదే తప్పుకి రెండిచ్చారు" అని రాయకండి. దానివల్ల ఆ పిల్ల మార్కులు తగ్గినా తగ్గుతాయి, స్నేహం పోయినా పోతుంది. "మా బిడ్డ చాలా కష్టపడింది", "ఇంట్లో పరిస్థితి బాగోలేదు" లాంటివీ వద్దు. ఆ మాటలు నిజమే అయినా 14వ ప్రశ్నకి వాటితో సంబంధం లేదు. ఒక చీటీలో ఒక ప్రశ్నే అడగండి. పేపరంతా చూడమంటే ఏదీ సరిగ్గా చూడరు.

ఎక్కడ అడగకూడదు?

ఒక మార్కు ప్రశ్నకీ, నాలుగింట్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నకీ ఈ చీటీ పనికిరాదు. అక్కడ మెట్లు లేవు, జవాబే మార్కు. మెట్లు రాయకుండా నేరుగా జవాబు వేసిన లెక్కకీ అడగలేం. రఫ్ పేజీలో చేసి కొట్టేసి ఉంటే టీచరు దేనికని మార్కు వేస్తారు? జవాబు కంటికి కొట్టొచ్చినట్టు అసాధ్యంగా ఉన్నా కష్టమే. మన లెక్కలో 23 నమ్మదగ్గ అంకె. అదే చేతి తప్పు వల్ల 63 వచ్చి ఉంటే, 50 దాటని గంటలకి సరాసరి 63 ఎలా వస్తుందని పిల్ల ఆలోచించలేదని టీచరు జవాబు మార్కు కొయ్యవచ్చు. అది న్యాయమే. చేతి తప్పు వల్ల లెక్క సులువైపోతే కూడా కింది మెట్లకి పూర్తి మార్కులు రాకపోవచ్చు. కష్టమైన భాగం పిల్ల చెయ్యలేదు కదా.

మళ్ళీ చూసినప్పుడు మిస్‌కి ఇంకో తప్పు కనపడి మార్కు తగ్గినా ఒప్పుకోవాలి. "మన స్కూల్లో జవాబు తప్పితే సగమే" అని 1½ వేసినా థాంక్స్ చెప్పి రావాలి. బిడ్డకి ముందే ఈ మాట చెప్పి పంపండి.

బోర్డు పరీక్షకి దారి వేరు

ఎస్‌ఎస్‌ఎల్‌సీ బోర్డు పేపరు ఎవరు దిద్దారో మనకి తెలీదు, తెలియకూడదు కూడా. అక్కడ టీచరుకి చీటీ రాయడం ఉండదు. ఫలితాలు వచ్చాక బోర్డు ఇచ్చే గడువు లోపల ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి. ముందు జవాబుపత్రం స్కాన్ కాపీ తెప్పించుకోవాలి. అది చూశాకే "మరు ఎణికె", అంటే మార్కుల కూడిక మళ్ళీ చూడడం, కావాలో. "మరు మౌల్యమాపన", అంటే జవాబులే మళ్ళీ దిద్దడం, కావాలో తేల్చుకోవాలి. మన లెక్కలాంటి తప్పుకి మరు ఎణికె పెడితే డబ్బు దండగ. వేసిన మార్కులు మళ్ళీ కూడతారు గానీ ½ని 2½ చెయ్యరు. ఊళ్ళో చుట్టాల పిల్లలకైతే ఆంధ్రలో, తెలంగాణలో పదో తరగతికి రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ అని రెండు వేరు వేరు దరఖాస్తులున్నాయి. ఏది దేనికో చదివే డబ్బు కట్టమని చెప్పండి.

తన దిద్దిన జవాబుపత్రం చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని 2011 ఆగస్టులో సుప్రీంకోర్టు సమాచార హక్కు చట్టం కింద తేల్చింది. సీబీఎస్‌ఈకీ ఒక విద్యార్థికీ మధ్య నడిచిన కేసు అది. చూసే హక్కు అది. మళ్ళీ దిద్దాలా వద్దా అన్నది మాత్రం ఆయా బోర్డుల నియమాల్ని బట్టే ఉంటుంది.

స్కాన్ కాపీ చేతికొచ్చినా ఇంట్లో చెయ్యాల్సింది పైన చెప్పిందే. తెల్ల కాగితం మీద తప్పిన అంకె ఒక్కటి మార్చి కిందికి దింపండి. జవాబు సరిగ్గా వస్తే, వచ్చిన మార్కుకీ మెట్లని బట్టి రావాల్సిన మార్కుకీ తేడా ఎంతో చూడండి. ఫీజు కట్టాలా వద్దా అన్నది ఆ తేడాయే చెబుతుంది.